పొద్దున్నే రావలసిన మెసేజ్

స్టూడియోలో పెద్ద డిస్క్ పోయిందని కుటుంబరావు ఫోన్ చేసినప్పుడు రోజారమణి ఏమాత్రం కంగారుపడలేదు. ఎందుకు పడాలి? డిస్కులన్నాక పోతాయి. అందుకేగా రోజూ రాత్రి అన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ అయ్యేలా తను ఏర్పాటు చేసిపెట్టింది!

"బాబాయ్, మీరు కాఫీ తాగి కూర్చోండి. నేను వచ్చి పాత డిస్క్ తీసి పారేస్తా" అని, నందిగామలో తన కంప్యూటర్ సర్వీసు షాపుకి తాళం వేసి, జగ్గయ్యపేట బస్సెక్కింది. హైవే మీద దుకాణాలు, నర్సరీలు, చిన్న ఆసుపత్రులు, ఎవరి కంప్యూటర్ మొరాయించినా పరిగెత్తేది ఆవిడే. నలభై దాటినా ఆ పరుగు తగ్గలేదు, ఆ నోరూ తగ్గలేదు. "మీ కంప్యూటర్ కాదండీ పాడైంది, మీరు పాడుచేశారు" అని ఎవరి మొహమ్మీదైనా అనేస్తుంది. అందరూ తిట్టుకుంటూనే మళ్ళీ ఆవిడనే పిలుస్తారు.

కుటుంబరావుది జగ్గయ్యపేట బజారులో ముప్ఫయ్యేళ్ళ ఫోటో స్టూడియో. ఆ చుట్టుపక్కల పెళ్ళయినా, గృహప్రవేశమైనా, షష్టిపూర్తయినా కెమెరా ఆయనదే. ఎడిటింగ్ గదిలో ఆయన, భార్య కన్యకాపరమేశ్వరి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. కాఫీలు ముట్టుకోలేదు, మీగడ కట్టాయి.

"టక్ టక్ మని చప్పుడు చేసి ఆగిపోయిందమ్మా. ఇక పలకట్లేదు" అన్నాడు కుటుంబరావు.

"పలక్కపోతే పోనివ్వండి, పీడా పోయింది" అంటూ రోజారమణి రెండో డిస్క్ తెరిచింది. ఫోల్డర్లు వరసగా వచ్చాయి. పెళ్ళిళ్ళు, బారసాలలు, ఊళ్ళ పేర్లతో సహా. కిందికి జరుపుకుంటూ పోయింది. శ్రావణం పెళ్ళిళ్ళున్నాయి. వినాయక చవితి పందిళ్ళున్నాయి. దసరా ముందు ఒక గృహప్రవేశం ఉంది. ఆ తరవాత ఏమీ లేదు.

మళ్ళీ పైనుంచి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసింది. బయట ఎండలు దంచేస్తున్నాయి, చైత్రం వచ్చేసింది. దసరా నుంచి చైత్రం దాకా ఒక్క ఫోటో కూడా కాపీ కాలేదు.

"ఏంటమ్మాయ్, అలా అయిపోయావ్?" అంది కన్యకాపరమేశ్వరి.

"ఒక్క నిమిషం పిన్నీ" అంటూ ఆవిడ రాత్రి పని ఎలా జరిగిందో చూపించే జాబితా తెరిచింది. ప్రతి రాత్రీ పని మొదలైనట్టుంది. ప్రతి రాత్రీ విజయవంతంగా ముగిసినట్టుంది. ఒక్క ఎర్ర గుర్తు లేదు! ఇదేం విజయం? ఎవడికి విజయం?

అప్పుడు కనబడింది ఆవిడకి, ఆ రెండో డిస్క్ పెట్టె మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. పక్కనే ఉన్న కొత్త కార్డ్ రీడర్ మీద కూడా బొట్టుంది.

"పిన్నీ, దసరాకి వీటిని పూజలో పెట్టారా?"

"పెట్టకపోతే ఎలాగమ్మా! మా అన్నం పెట్టేవి అవేగా. కెమెరాలు, లెన్సులు, డిస్కులు అన్నీ ఊడదీసి పీట మీద పెట్టి పూజ చేశాం. కార్డులు చదివేది అది దసరాకే కొత్తగా కొన్నాం. కొత్తది కదాని మర్నాడు మొదట దాన్నే తగిలించి, తరవాత మిగతావి తగిలించా."

రోజారమణి కళ్ళు మూసుకుంది. ఇక చెప్పక్కర్లేదు. తగిలించిన ప్రతి డిస్క్‌కీ కంప్యూటర్ ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తుంది. కాపీ డిస్క్‌ది ఇ. అది ఊడి పీట మీద ఉన్నప్పుడు ఇ ఖాళీగా ఉంది. కొత్త రీడర్ ముందొచ్చి ఆ అక్షరంలో కూర్చుంది. వెనక వచ్చిన కాపీ డిస్క్‌కి ఎఫ్ దక్కింది. రాత్రి పనికి తను రాసిందేమో, అన్నీ తీసుకెళ్ళి ఇ లో పెట్టమని. అది ప్రతి రాత్రీ ఇ తలుపు కొట్టింది. అక్కడ కార్డు లేని ఖాళీ రీడర్ ఉంది. తిరిగొచ్చేసింది. అంతే.

మరి తిరిగొచ్చినప్పుడు చెప్పాలిగా? ఇక్కడే ఉంది రోజారమణి చేసిన ఘనకార్యం. ఆ కాపీ ప్రోగ్రాముకి ఒక పాడు అలవాటుంది. ఫైళ్ళు చక్కగా కాపీ అయినా చివర్లో, అంతా బాగుందని చెప్పే సున్నాకి బదులు ఒకటి అనే సంఖ్య వదిలి పోతుంది. రెండేళ్ళ క్రితం ఆ ఒకటి చూసి కుటుంబరావు, ఏదో తప్పొచ్చిందని రోజూ ఫోన్ చేసి ప్రాణం తీశాడు. తప్పు కాదు మహాప్రభో అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పి, చివరికి విసుగొచ్చి రోజారమణి ఆ రాత్రి పనికి ఆఖర్న ఒక ముక్క కలిపి రాసింది. లోపల ఏం జరిగినా సరే, అంతా బాగుందని చెప్పి బయటికి రమ్మని. కుటుంబరావు ఫోన్లు ఆగిపోయాయి. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది. లోపల ఏం జరిగిందో రాసిపెట్టుకునే లాగ్ అయినా పెట్టిందా అంటే, అదీ లేదు.

"అయితే నా పూజ వల్లే పోయిందామ్మా?" సంగతంతా విని అడిగింది కన్యకాపరమేశ్వరి.

"కాదు పిన్నీ. మీరు ఏటేటా పూజ చేస్తారని నాకు తెలీదా ఏంటి? ఇన్నేళ్ళూ మీ పూజలో ప్రసాదం తిన్నదాన్ని. డిస్క్ చోటు మారితే అరిచి గోల చెయ్యాలి కదా, అది అరవకుండా నోరు నొక్కింది నేనే."

పోయిన డిస్క్‌ని హైదరాబాద్‌లో డేటా తీసేవాళ్ళకి పంపారు. లోపల సమాచారం ఉండే పళ్ళేలు గీసుకుపోయాయి, ఏమీ రాదు అని వాళ్ళు తిప్పి పంపేశారు. పెళ్ళికి వాడిన మెమరీ కార్డులు ఎప్పటికప్పుడు ఖాళీ చేసి తరవాతి పెళ్ళికి వాడేస్తారు, కాబట్టి అక్కడా ఏం లేదు. చాలామంది ఆల్బమ్‌లు అప్పటికే అచ్చయి వెళ్ళిపోయాయి గనక కుటుంబరావు పరువు కొంత దక్కింది. మిగిలిన వాళ్ళలో కొందరు తిట్టారు, కొందరు మళ్ళీ పట్టుబట్టలు కట్టుకుని వచ్చి ఫోటోలు దిగారు. ఒక్కరి దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఎవరికీ కాళ్ళు రాలేదు.

ఆవిడ పేరు నాగవల్లి. నందిగామ బజారులో హోల్‌సేల్ కిరాణా తిరుపతిరావు గారి భార్య. కార్తీకంలో వాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజు ఘనంగా జరిగింది. జరిపించింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కృష్ణప్రియ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, తన జీతంతో ఫంక్షన్ హాలు మాట్లాడి, కుటుంబరావు గారిని కెమెరాకి పిలిచి, అమ్మానాన్నలకి మళ్ళీ దండలు మార్పించింది. తరవాత మైకు పట్టుకుని వాళ్ళమ్మ గురించి చాలాసేపు మాట్లాడింది. హాలంతా ఒకటే నవ్వులంట, ఆఖర్న ఒకటే ఏడుపులంట. నాగవల్లి మాత్రం వినలేదు. ఆ టైముకి ఆవిడ భోజనాల దగ్గర ఉంది. పులిహోర తక్కువైందని వంటవాళ్ళతో గొడవపడుతోంది. వచ్చినవాళ్ళంతా "నీ కూతురు నీ గురించి ఎంత బాగా చెప్పిందే!" అంటే, "వీడియోలో చూసుకుంటాలే" అంది.

చూసుకోలేదు. ఫోటోలు ఏరి ఇస్తే ఆల్బమూ వీడియో కలిపి ఇస్తానన్నాడు కుటుంబరావు. ఇవాళ వస్తాం, రేపు వస్తాం అన్నారు వాళ్ళు. ఎవరైనా అంతే, ఫోటోలు ఏరడానికి నెలలు పట్టిస్తారు. మాఘంలో కృష్ణప్రియ హైదరాబాద్‌లో జ్వరంతో పోయింది. పాతికేళ్ళైనా నిండని పిల్ల. ఆ తరవాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో వీడియో మాట ఎత్తినవాళ్ళు లేరు. చైత్రం వచ్చాక నాగవల్లి కబురు పంపింది, ఫోటోలు ఏరక్కర్లేదు, పాప మాట్లాడిన వీడియో ఇస్తే చాలని.

"ఎడిటింగ్‌లో ఉందని చెబుదామా?" అన్నాడు కుటుంబరావు.

"ఎన్నాళ్ళు చెబుతారు బాబాయ్?"

"ఎన్నాళ్ళంటే... ఆవిడ కాస్త తేరుకునేదాకా."

"బాగుంది! తేరుకున్నాక మళ్ళీ చంపుదామనా? నేను చెప్తా. మీరు పక్కన ఉండండి చాలు" అంది రోజారమణి. అందే గానీ, బస్సులో నందిగామ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం ఆవిడ జన్మలో అదే మొదలు.

తిరుపతిరావు కొట్లో ఉన్నాడు. ఇంట్లో నాగవల్లి ఒక్కతే ఉంది. మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని, "తెచ్చారా?" అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న ఆశ చూసి కుటుంబరావు తల వంచుకున్నాడు.

రోజారమణి దాచకుండా మొత్తం చెప్పింది. డిస్క్ పోయిందని, రెండోది ఖాళీగా ఉందని, అలా ఖాళీగా ఉన్న సంగతి కనిపెట్టే వీలు లేకుండా చేసింది తనేనని. "తప్పు నాదక్కయ్యగారూ. మీరేమన్నా పడతా" అంది.

నాగవల్లి కుటుంబరావు వైపు తిరిగింది. "మీరు అక్కడే ఉన్నారు కదన్నయ్యగారూ. చెవులకి అవి కూడా పెట్టుకుని ఉన్నారంట. మీరు విన్నారుగా? నా గురించి ఏమంది?"

కుటుంబరావు వినడం ఎందుకు వినలేదు, హెడ్‌ఫోన్లలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నాడు. "నేను మైకు పగులుతోందా, కెమెరాలో సౌండు సరిగ్గా పడుతోందా అనే చూసుకున్నానమ్మా. మొహమ్మీద లైటు చూసుకున్నా. మాటలు... మాటలు నా చెవికెక్కలేదు" అన్నాడు. అని ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు.

చుట్టాలనూ స్నేహితులనూ అందరినీ అడిగారు. ఫోన్లలో దొరికినవన్నీ తెప్పించారు. దండలు మార్చుకోవడం ఉంది, కేకు ఉంది, పిల్లల డాన్సులున్నాయి. మైకు పట్టుకున్న కృష్ణప్రియ ఒక్కరి ఫోన్లో కాసేపు ఉంది. "మా అమ్మకి కోపమొస్తే..." అనేసరికి ఎవరో అడ్డమొచ్చారు, అక్కడితో ఆగిపోయింది. కోపమొస్తే ఏం చేస్తుందని చెప్పిందో విన్నవాళ్ళు తలా ఒక రకంగా చెప్పారు. గిన్నెలతో మాట్లాడుతుందని ఒకరు, అన్నం మానేసి పడుకుంటుందని ఒకరు. నాగవల్లి అందరి మాటా వింది. ఏదీ తన కూతురి మాటలా లేదంది.

ఆ తరవాత రోజారమణి జగ్గయ్యపేటలో రోజుల తరబడి కూర్చుంది. చివర్న తను రాసిన ఆ దిక్కుమాలిన ముక్క ముందు పీకేసింది. అసలు తప్పు సంఖ్య ఏదో, మామూలు సంఖ్య ఏదో విడగొట్టి, తప్పొస్తే తప్పనే చెప్పమంది. అక్షరం చూసి కాకుండా డిస్క్‌కి పెట్టిన పేరు చూసి వెతుక్కోమంది, ఆ పేరు దొరక్కపోతే పని ఆపి గోల చెయ్యమంది. రాత్రి ఎన్ని ఫైళ్ళు వెళ్ళాయో, ఏవి వెళ్ళలేదో, ఎందుకు వెళ్ళలేదో వరసగా లాగ్‌లో రాసుకునేలా చేసింది. వెళ్ళిన వాటిల్లో కొన్నింటిని తిరిగి చదివి అసలుతో పోల్చి చూడమంది. అంతా అయ్యాక పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ పంపమంది.

"చెడిపోతేనే మెసేజ్ వస్తుందా?" అని అడిగాడు కుటుంబరావు.

"బాగున్నా వస్తుంది, చెడిపోయినా వస్తుంది."

"బాగుంటే ఎందుకమ్మా రోజూ? ప్రాణం విసుగు!"

"విసుగొస్తే రానివ్వండి! చెడిపోతేనే పంపమంటే, కంప్యూటరే చచ్చి పడుంటే పంపేదెవరు బాబాయ్? మెసేజ్ రాలేదు గనక బాగుందనుకుంటాం. అలా అనుకునేగా ఈ గతి పట్టింది! ఇక మీదట రాకపోవడమే చెడు వార్త. స్టూడియో తెరిచే వేళకి రాకపోతే, బయట ఇంకోచోట ఒక కాపలా పెట్టా, అది మనిద్దరి ఫోన్లూ మోగిస్తుంది. ఎందుకు రాలేదో ఆ పొద్దున్నే చూడాలి. సాయంత్రం చూద్దాంలే అంటే కుదరదు."

ఈ సంగతి నాగవల్లికి కూడా చెప్పాలనిపించింది రోజారమణికి. చెప్పి ఏం లాభమో తెలీదు. అయినా వెళ్ళి చెప్పింది. నాగవల్లి శ్రద్ధగా వింది. రాకపోతేనే చెడు అన్న దగ్గర ఒకసారి ఆపి, మళ్ళీ చెప్పమంది. విన్నాక, "నా నంబరు కూడా పెట్టమ్మా అందులో" అంది.

"మీకెందుకక్కయ్యగారూ? అందులో పాప ఫైళ్ళు... లేవండి."

"తెలుసు. ఎవరో ఒకరి పిల్లలుంటారుగా" అంది నాగవల్లి.

రోజారమణి కాదనలేకపోయింది. అప్పట్నుంచి పొద్దున్నే ముగ్గురి ఫోన్లకీ ఒకే మెసేజ్. రాత్రి కాపీ అయింది, అన్నీ సరిపోయాయి, ఇవీ వెళ్ళినవి అని. కుటుంబరావు కొన్నాళ్ళకి అది చదవడం మానేశాడు, టింగుమంటే చాలనుకున్నాడు. రోజారమణి చూసేది గానీ, పని హడావిడిలో ఒక్కోసారి ఆలస్యంగా చూసేది. నాగవల్లి మాత్రం రోజూ చదివి, ఎవరి పెళ్ళి, ఏ ఊరు అని ఎప్పుడైనా కనబడితే అడిగేది. మైలవరం పెళ్ళిలో అన్ని ఫోటోలా అని ఆశ్చర్యపోయేది.

ఎండలు ముదిరి గాలివానలు మొదలయ్యాయి. ఒక పొద్దున రోజారమణి ఇంకా పళ్ళు తోముకుంటుండగానే ఫోన్ మోగింది. బయట పెట్టిన కాపలా కాదు, దానికింకా వేళ కాలేదు. నాగవల్లి.

"అమ్మా రోజా, ఇవాళ మెసేజ్ రాలేదు."

"వస్తుందిలెండి అక్కయ్యగారూ, ఇంకా పొద్దుంది..."

"రోజూ ఈపాటికి వచ్చేస్తుంది. రాలేదంటే ఏదో అయింది. నువ్వు వెళ్ళు. లేకపోతే నేనే బస్సెక్కుతా." ఆ మాటతో రోజారమణి నోట్లో నురగతోనే కుటుంబరావుకి ఫోన్ చేసింది. ఆయన పరిటాలలో పెళ్ళిలో ఉన్నాడు, తలంబ్రాలు జరుగుతున్నాయి, ఎత్తలేదు. కన్యకాపరమేశ్వరి ఎత్తింది.

"రాత్రి ఒకటే ఉరుములమ్మా. పిడుగు పడుతుందేమోనని స్టూడియో మెయిన్ ఆపేశా. పొద్దున్న వెయ్యడం మర్చిపోయా" అంది, ఆపి మళ్ళీ తనే, "అయ్యో! అయితే రాత్రి కాపీ..." అంది.

"కాలేదు పిన్నీ. కంగారుపడకండి. మెయిన్ వెయ్యండి, కంప్యూటర్ ఆన్ చెయ్యండి, నేను వస్తున్నా."

వెళ్ళి, తన చేత్తోనే ఆ పని నడిపించింది. నిన్న సాయంత్రమే కార్డుల్లోంచి ఎక్కించిన వేదాద్రి పెళ్ళి ఉంది అందులో. ఆ కార్డులే ఖాళీ చేసుకుని కుటుంబరావు పరిటాల పట్టుకుపోయాడు. పెద్ద డిస్క్‌లో తప్ప ఆ పెళ్ళి భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఫైళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే రోజారమణి కదలకుండా కూర్చుని చూసింది. చివరి ఫైలు వెళ్ళి, పోల్చి చూడడం అయి, ఫోన్ టింగుమంది. వెంటనే నాగవల్లికి ఫోన్ చేసింది.

"వచ్చిందమ్మా, ఇప్పుడే వచ్చింది" అంది నాగవల్లి.

"మీరు అడగబట్టి సరిపోయిందక్కయ్యగారూ. మాకంటే ముందు మీరే పట్టుకున్నారు. అసలు అంత పొద్దున్నే ఎలా గమనించారు?"

"మా ప్రియ రోజూ లేవగానే మెసేజ్ పెట్టేదమ్మా. లేచాను అమ్మా, అని. అంతే. ఆ రోజు పెట్టలేదు. నిద్రపోతోందేమో, ఆఫీసు తొందరేమో అనుకున్నా. ఏమన్నా అయితే చెప్తుందిగా, చెప్పలేదంటే బాగానే ఉందిలే అనుకున్నా. కొట్లో సరుకొచ్చింది, ఆ లెక్కలో పడ్డా. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తలేదు. గదిలో ఒక్కతే జ్వరంతో స్పృహ లేకుండా పడుందంట పొద్దుట్నుంచీ. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి, కాస్త ముందు తెస్తే బతికేదన్నారు. పొద్దున్నే అడగాల్సింది కదమ్మా. రాలేదేంటే అని పొద్దున్నే ఒక్క ఫోన్ చెయ్యాల్సింది."

రోజారమణి నోరు జీవితంలో రెండోసారి మూగబోయింది. కుర్చీలో అలాగే కూర్చుని ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ కన్యకాపరమేశ్వరి ఏమైందని సైగ చేసినా పలకలేదు.

"ఉన్నావా అమ్మా?" అంది నాగవల్లి.

"ఉన్నానండి."

"ఆ వేదాద్రి పెళ్ళికూతురి వాళ్ళమ్మ ఫోటోలు కూడా అన్నీ వెళ్ళాయా?"

"వెళ్ళాయక్కయ్యగారూ. అన్నీ వెళ్ళాయి."

"సరే. రేపు పొద్దున్నే చూస్తా" అని నాగవల్లి ఫోన్ పెట్టేసింది.